ఎంకన్న కలిపిన పొమాద్

సుయాక్ ఊరికి సముద్రమంటే కంటికి కనిపించేదానికన్నా చెవికి వినిపించేది ఎక్కువ. ద్వీపం చుట్టూ ఉన్న పగడపు గోడ అక్కడ తెగిపోయింది. అందుకని అలలు నేరుగా నల్లరాళ్ల మీదకే వచ్చి పడతాయి. మందుల కొట్టు వెనకగదిలో కూర్చుని పాలరాతి పలక మీద పొమాద్, అంటే ఒంటికి పూసే లేపనం, నూరుతుంటే, వెడల్పు కత్తి ముందుకు పోయేటప్పుడు ఒక అల, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో అల అన్నట్టుండేది ఎంకన్నకి. ఇరవై మూడేళ్లుగా అదే పని. కర్పూరం, లావెండరు నీళ్లు, గంధకం, వనిల్లా, అన్నీ కలిసిన ఒక వాసన అతని బట్టలకి పట్టేసింది. ఇంటికి వెళ్తే భార్య పాపమ్మ తలెత్తకుండానే, అతను గుమ్మం దాటకముందే, కంచం పెట్టేది.

అతని తండ్రి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి చెరకు తోటలో ముసలివాడయ్యాడు. ఎంకన్న కూడా తోటలోనే ఉండేవాడు గాని, పదిహేడో ఏట బండిచక్రం పాదం మీదుగా పోవడంతో కొడవలి పట్టే పనికి పనికిరాకుండా పోయాడు. కొట్టు యజమాని రోజర్ దొర, అందరూ పిలిచే పేరు ముస్యే రోజర్, కూర్చుని చేసే పనికి మనిషి కావాలని అతన్ని పెట్టుకున్నాడు. ఎంకన్నకి ఫ్రెంచి చదవడం రాదు. సీసాల మీది పేర్లని మాత్రం మనుషుల మొహాల్లా గుర్తుపట్టేవాడు. పొడవైనది గ్లిసరిన్. మధ్యలో రెండు నిలువు గీతలున్నది లనోలిన్. పాములా మెలికలు తిరిగే అక్షరంతో మొదలయ్యేది సాలిసిలిక్.

వాళ్లకి ఒక్కతే కూతురు, కన్నమ్మ. ఆమెకి పదిహేనేళ్లు వచ్చిన సంవత్సరం, ఆ ద్వీపానికి చలికాలమైన జూలై నెలలో, అమ్మోరి పండగకి ఘటం ఎత్తే పిల్లల్లో ఆమె పేరు కూడా చెప్పారు. కన్నమ్మ ఎత్తనంది. ఎందుకని అడిగితే తల నొప్పంది, మెడ నొప్పంది. చివరికి పాపమ్మ స్నానాల గదిలో వీపు రుద్దుతూ కారణం కనిపెట్టింది. ఘటం పట్టుకోవాలంటే చెయ్యి పైకెత్తాలి. చెయ్యెత్తితే రవిక చెయ్యి జారుతుంది. భుజం కిందనుంచి మోచేతి పైదాకా, వెనకవైపు, చర్మమంతా సన్నసన్నటి బొడిపెలు. ఈకలు పీకిన కోడితోలులా ఉంది. నిమిరితే బియ్యపు నూక మీద చెయ్యి పెట్టినట్టుంది.

"దురదేస్తదా?" అని అడిగింది పాపమ్మ.

"లేదు."

"నొప్పా?"

"లేదమ్మా. చలేసి రోమాలు లేచినట్టుంటాది. ఎండలో నిల్చున్నా అలాగే ఉంటాది."

ఆ రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి విని ఎంకన్న నవ్వాడు. ఇరవై మూడేళ్లుగా సుయాక్ ఊరి చర్మాలన్నిటికీ లేపనాలు నూరుతున్న తనకి సొంత కూతురి చర్మం ఒక లెక్కా అనుకున్నాడు.

మొదట గజ్జి అనుకుని గంధకం పూత తెచ్చాడు. వారం రోజులు ఇల్లంతా అగ్గిపెట్టె వాసన వేసింది. బొడిపెలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య చర్మం మాత్రం పొడిబారి పొట్టు లేచింది. తర్వాత, పైనున్నది మట్టి పేరుకున్నట్టుంది కదా, గీకితే పోతుందనుకున్నాడు. గుల్లరాయితో రుద్దమన్నాడు. కన్నమ్మ పళ్లు బిగపట్టి రుద్దుకుంది. మర్నాటికి ఒక్కో బొడిపె చుట్టూ ఎర్రటి వలయం లేచింది. చేతులు మండి ఆ పిల్ల రాత్రంతా పక్కమీద కూర్చుంది. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం ఎంకన్నని ఎక్కువ బాధించింది. ఆ మర్నాడు గుల్లరాయిని తీసుకెళ్లి కొండరాళ్ల మీదనుంచి సముద్రంలోకి విసిరేసి కొట్టుకి వెళ్లాడు.

సెప్టెంబరులో కొత్త పొమాద్ మొదలుపెట్టాడు. కాలి ఆనెల కోసం ముస్యే రోజర్ చెప్పిచేయించే మందు ఒకటుంది. అందులో సాలిసిలిక్ పొడి ఎక్కువగా పడుతుంది, మడమ మీది మందపు చర్మాన్ని అది మెల్లగా ఊడదీస్తుంది. దాన్నే బాగా పలచన చేస్తే? గొర్రెబొచ్చు నుంచి తీసిన లనోలిన్ కొవ్వూ, వాసెలినూ సమంగా తీసుకున్నాడు. ముక్కులోకి ఎగిరి తుమ్ములు తెప్పించే ఆ తెల్లపొడిని నూటికి రెండు పాళ్లే వేశాడు. ముందు కొద్ది నూనెలో ముద్దచేసి, అప్పుడు కొవ్వులో కలిపాడు. లనోలిన్‌కి గొర్రెలదొడ్డి కంపు ఉంటుంది. అది పోవడానికి గులాబీ నీళ్లు చుక్కచుక్కగా పోసి నూరాడు. ఆ కొవ్వు నీళ్లని తాగుతుంది. ఎంత పోసినా తాగుతూ, తాగినకొద్దీ తెల్లబడుతూ ఉంటుంది. కత్తి ముందుకి, వెనక్కి. ఒక అల, ఇంకో అల. నూరుతూ నూరుతూ ఎంకన్న కళ్లు సగం మూతపడేవి. ఆ మగతలో పలక పలకలా కాక ఒక నున్నటి చెయ్యిలా కనిపించేది. దాని మీద ఎక్కడా ఒక్క బొడిపె లేదు. వెన్నెల పడితే జారిపోతుంది.

స్నానం కాగానే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, రుద్దకుండా రాసుకోమని కూతురికిచ్చాడు. పది రోజులకి గరుకు తగ్గింది. నెలకి ఎరుపు చల్లారింది. డిసెంబరు నాటికి, వానలు పట్టి గాలి ముద్దగా మారిన రోజుల్లో, పాపమ్మ కూతురి చెయ్యి నిమిరి భర్త వైపు చూసింది. అతను ఆ చూపుని చాలా కాలం దాచుకున్నాడు. ఆ రాత్రుల్లో అతనికి కలలొచ్చేవి. కలలో తండ్రి ఓడలోంచి దిగుతూ, "ఏటిరా ఎంకా, ఏటి కనిపెట్టావంట?" అని అడిగేవాడు. ఎంకన్న దోసిలి చాపేవాడు. దోసిట్లో తెల్లటి నురగ ఉండేది, సముద్రపుదో పొమాద్‌దో తెలిసేది కాదు.

జనవరి చివర కన్నమ్మ రాసుకోవడం మానేసింది. పోయింది కదా మరి.

కొట్టులో సంగతి దాగదు. ముస్యే రోజర్ చెవిన పడ్డాక ఆయన పొమాద్ వేలితో తీసి వాసన చూసి, తెల్లటి గాజు డబ్బాలు తెప్పించాడు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో వాటిమీద అంటించే చీటీలు అచ్చువేయించాడు. చుట్టూ పూలతీగ, మధ్యలో ఒక ఆడమనిషి చెయ్యి. కింద ఏం రాసుందో ఎంకన్న అడిగితే ఆయన చదివి చెప్పాడు: భుజాల మీది గరుకుని శాశ్వతంగా నయం చేస్తుంది. ఎంకన్నకి గుండె నిండిపోయింది. ఒక చీటీ అడిగి తీసుకెళ్లి ఇంట్లో దేవుడి పటం పక్కన అంటించాడు.

ఆశ్చర్యమేమిటంటే, అలాంటి చేతులు ఊరినిండా ఉన్నాయి. అంతకాలం ఏ బట్టల కింద దాక్కున్నాయోగాని, డబ్బా అద్దాల వెనక పెట్టాక ఒక్కొక్కరే వచ్చారు. తోట గుమాస్తా భార్య వచ్చింది. మదరాసు వ్యాపారి కూతుళ్లు ఇద్దరూ వచ్చారు. చర్చి ఎదురుగా బట్టలు కుట్టే మిషెలిన్ వచ్చింది. ఆమె సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఎండాకాలంలో కూడా మణికట్టుదాకా చేతులున్న గౌను వేసుకునేది. ఎందుకో ఎంకన్నకి ఇప్పుడర్థమయింది.

మే నెల వెళ్లి జూన్ వచ్చింది. చెరకు పూసింది. కొండల దాకా వెండిరంగు కుచ్చులు ఒకేవైపు ఊగుతున్నాయి. దక్షిణపు గాలి పొడిగా, చల్లగా తిరిగింది. ఒక సాయంత్రం కన్నమ్మ వంటింట్లో పొయ్యి ఊదుతూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"అయ్యా, మళ్లీ వొచ్చాయి."

ఎంకన్న దగ్గరికెళ్లి దీపం పట్టుకుని చూశాడు. అదే కోడితోలు. అదే నూక.

"ఎప్పట్నుంచి?"

"పూర్తిగా పోనేలేదయ్యా. కొంచెం కొంచెం ఉండేవి. నువ్వు సంతోషంగా ఉన్నావని సెప్పలేదు."

ఆ వారంలోనే మిషెలిన్ డబ్బా పట్టుకుని కొట్టుకొచ్చింది. గొంతు పెంచలేదు. డబ్బాని బల్లమీద పెట్టి, చీటీ మీది 'శాశ్వతంగా' అన్న మాట దగ్గర వేలుంచి, "ఈ ముక్క రాసిందెవరు?" అని ద్వీపంలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో అడిగింది. ముస్యే రోజర్ భోజనానికి వెళ్లాడు. ఎంకన్న డబ్బాని వెలుతురు వైపు తిప్పి ఆ అక్షరాల్ని చూశాడు. "రాసినన్నాళ్లూ బాగుంది. మానేసిన మూడు వారాలకి మొదటికొచ్చింది," అంటూ ఆమె వెళ్లిపోయింది.

తను ఏదో తప్పు కలిపాననుకున్నాడు ఎంకన్న. పొడి తక్కువైందా? మరో పాలు, మరో రెండు పాళ్లు పెంచి తన ముంజేతి మీద రాసి చూసుకున్నాడు. చర్మం మండి ఎర్రబడింది. అతనికి నిద్ర కరువైంది. పగలు నూరుతుంటే కత్తి ఆగిపోయేది. అల వచ్చి కొట్టేది, మళ్లీ వెళ్లేది, అతను అలాగే కూర్చునేవాడు.

జిల్లా వైద్యుడు గురువారాల్లో కొట్టుకి వచ్చి మందుచీటీలు సరిచూసుకుని వెళ్తుండేవాడు. పారిస్‌లో చదివిన ముసలాయన. మాట తక్కువ. ఒక గురువారం ఎంకన్న ధైర్యం చేసి కన్నమ్మని వెనకగదిలో కూర్చోబెట్టి, ఆయన్ని ఒక్క నిమిషం రమ్మని బతిమాలాడు. వైద్యుడు కిటికీ దగ్గర కన్నమ్మ చెయ్యి చూసి, జేబులోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాక అద్దాన్ని ఎంకన్న చేతికిచ్చాడు.

ఎంకన్న వంగి చూశాడు. అద్దంలో ఆ చెయ్యి ఒక తెలియని దేశంలా పరచుకుంది. చిన్నచిన్న గుట్టలు, ప్రతి గుట్ట నడినెత్తినా ఒక వెంట్రుక దారి. ఆ దారి మూతిన తెల్లటి గట్టి బిరడా. కొన్నిచోట్ల బిరడా కింద సన్నటి వెంట్రుక పైకి రాలేక, లోపలే చుట్టచుట్టుకుని పడుకుంది.

"మనందరి చర్మం పైపొరని కట్టుకుంటూ, రాల్చుకుంటూ ఉంటుంది," అన్నాడు వైద్యుడు నిదానంగా, క్రియోల్‌లో. "కొందరి చర్మం వెంట్రుక మూతి దగ్గర కట్టుకోవడం ఎక్కువ, రాల్చడం తక్కువ. అది అక్కడే పేరుకుని బిరడా అవుతుంది. రోగమని పిలవడానికి కూడా నాకు మనసొప్పదు. అంటుకోదు. ప్రాణానికేం కాదు."

"నా పొమాద్‌లో ఏటి లోపం దొరా?"

"ఏ లోపమూ లేదు. ఎవరు చెప్పారు నీకు ఈ పాళ్లు? బాగా కలిపావు. ఆ తెల్లపొడి బిరడాని వదులు చేస్తుంది. కొవ్వు చెమ్మని పట్టి ఉంచి మెత్తబరుస్తుంది. కాని బిరడాని కట్టే పని వెంట్రుక మొలిచే గుంట గోడల్లో జరుగుతుంది. నువ్వు పైది తీస్తావు, అది కింద ఇంకొకటి కడుతూనే ఉంటుంది. చెయ్యి ఆపితే అది గెలుస్తుంది."

"అలా ఎందుకు కడతాది దొరా?"

వైద్యుడు అద్దం తుడుచుకుంటూ, "అది మాకూ తెలీదు. ఇళ్లలో వంశంగా వస్తుందని మాత్రం తెలుసు," అని, ఎంకన్న వైపు తలతిప్పాడు. "నీ చొక్కా చెయ్యి మడువు."

ఎంకన్న మడిచాడు. నలభై ఏళ్లుగా తనవే అయిన ఆ చేతుల వెనకవైపుని అతను ఎన్నడూ చూసుకోలేదు. చూడాలన్నా మెడ తిరగదు. కన్నమ్మే వేలితో తాకింది.

"ఉన్నాయయ్యా," అంది. "నావాటికన్నా సన్నంగా ఉన్నాయి. మాసిపోతున్నట్టున్నాయి."

"వయసుతో చాలామందికి అలాగే పలచబడతాయి," అన్నాడు వైద్యుడు టోపీ అందుకుంటూ. "గుల్లరాయితో మాత్రం గీకకు."

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు కొండరాళ్ల పక్కదారిన నడిచి ఇంటికొచ్చారు. సముద్రపు తుంపర పొగమంచులా లేచి గడ్డిమీద వాలుతోంది. ఎంకన్నకి ఏదో కలలో నడుస్తున్నట్టుగా ఉంది. గంధకం కాలం, గుల్లరాయి కాలం, ఆ మంట, ఇదంతా తన చేతుల్లోంచి నడిచి పిల్ల చేతుల్లోకి వెళ్లిందన్నమాట. క్షమించమని అడగాలనిపించింది. తండ్రి కూతుర్ని అలా అడిగే మాటలు అతనికి తెలిసిన తెలుగులో దొరకలేదు.

కన్నమ్మే మాట్లాడింది. "అయ్యా, ఆ పెద్దాయన సెప్పింది నిజమో కాదో సూద్దాం. ఎడం సేతికే రాసుకుంటాను. కుడి సేతికి రాయను."

ఎంకన్న ఆగి ఆమె మొహం చూశాడు. ఇరవై మూడేళ్లు మందులు నూరిన తనకి ఈ ఆలోచన రాలేదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా రాసింది. ప్రతి ఆదివారం పాపమ్మ కళ్లు మూసుకుని రెండు చేతులూ నిమిరి చెప్పేది. ఎడమది మెత్తబడింది, కానీ నున్నబడలేదు. పదింటిలో ఆరో ఏడో బొడిపెలు అణిగాయి, మిగిలినవి మొండికేశాయి. సెప్టెంబరులో రాయడం ఆపింది. నెల తిరక్కుండా పాపమ్మ కళ్లు మూసుకుంటే ఏ చెయ్యి ఏదో చెప్పలేకపోయింది. ఆ తర్వాత వానలొచ్చాయి. డిసెంబరు ముద్దగాలికి ఏమీ రాయని రెండు చేతులూ వాటంతటవే కాస్త మెత్తబడ్డాయి. అది చూసి ఎంకన్న వేళ్ల మీద నెలలు లెక్కేసుకున్నాడు. కిందటేడు తన గొప్ప అనుకున్నదాంట్లో సగం వానకాలానిది.

దేవుడి పటం పక్కనున్న చీటీని గోటితో గీకి తీసేశాడు. మర్నాడు కొట్టుకెళ్లి ముస్యే రోజర్ ఎదుట నిలబడ్డాడు.

"ముస్యే, ఆ చీటీ మార్చాలి."

"ఏం మార్చాలి?"

"శాశ్వతంగా అన్న ముక్క. అది నిజం కాదు."

ముస్యే రోజర్ చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు పైకి తోసుకుని ఓపిగ్గానే చెప్పాడు. "ఎంకన్నా, సీసాల మీద అందరూ అలాగే రాస్తారు. మెత్తబడుతుంది, మానితే మళ్లీ వస్తుంది అని రాస్తే ఎవరు కొంటారు?"

"ఎవరూ కొనకపోతే నూరడం మానేస్తాను. అబద్ధమయితే నూరలేను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని అతనికే అనుమానమేసింది. కొట్టు తనదేగాని పొమాద్ పాళ్లు మాత్రం ఎంకన్న చేతుల్లోనే ఉన్నాయని ముస్యే రోజర్‌కి తెలుసు. అయినా ఒప్పుకోలేదు, కాదనలేదు, చూద్దామన్నాడు.

చీటీ మారడానికి కారణం నిజానికి మిషెలిన్. ఎంకన్న ఒక ఆదివారం ఆమె ఇంటికెళ్లి, గుమ్మంలో నిల్చుని, అద్దంలో తను చూసిందీ, కూతురు రెండు చేతుల మీద కనిపెట్టిందీ ఉన్నదున్నట్టు చెప్పాడు. చలికాలమంతా, స్నానం కాగానే, ఆపకుండా రాసుకుంటే కొంత నయం, మొత్తం మాత్రం పోదు, అన్నాడు. ఆమె కుట్టుమిషను ఆపి వింది. మర్నాడు కొట్టుకొచ్చి ముస్యే రోజర్ ముందే రెండు డబ్బాలు అడిగింది.

"నయం కాదని తెలిసీ కొంటున్నావా?" అన్నాడాయన.

"ఏమవుతుందో తెలిసి కొంటున్నాను," అంది మిషెలిన్. "కిందటిసారి తెలీక కొన్నాను."

కొత్త చీటీ మీద పూలతీగ లేదు. నాలుగు పొట్టి వరుసలున్నాయి. మెత్తబరుస్తుంది. రోజూ రాయాలి. మానితే తిరిగి వస్తుంది. గీకరాదు. ముందరంత అమ్ముడుపోలేదు. కొన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చారు. ఎంకన్న నెలకొకసారి చిన్న పాత్రలో నూరేవాడు. వెన్నెల జారే ఆ నున్నటి చెయ్యి మగతలో మళ్లీ కనిపించలేదు. బదులు, వెంట్రుక దారులున్న ఆ చిన్నగుట్టల దేశం కనిపించేది. దానిమీద తెల్లటి మంచు మెల్లగా కురిసేది, తెల్లారేసరికి కరిగిపోయేది. ఆ కల మీద అతనికి కోపం రాలేదు.

కన్నమ్మ మరుసటేడు మిషెలిన్ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. ఒకే మిషను మీద ఇద్దరూ వంగి కూర్చుంటే, ఎండాకాలంలో ఇద్దరి బట్టల చేతులూ మోచేతుల పైదాకా మడిచే ఉండేవి. పంతొమ్మిదో ఏట కన్నమ్మకి, బాన్ అక్యూయ్ అనే ఊళ్లో మూడెకరాల చెరకున్న మునుస్వామితో పెళ్లయింది. చూపులనాడే ఆమె అతనితో, "నా సేతులు గరుగ్గా ఉంటాయి, అంటుకునేది కాదు, మా అయ్య వంశంది," అని చెప్పింది. మునుస్వామి తన అరచేతులు తిప్పి చూపించాడు. చెరకు నరికి నరికి బెరడులా అయ్యాయి.

ఎంకన్న కొట్టు మానేశాక ఒక చలికాలం కూతురింట్లో నెల రోజులున్నాడు. రైలు మారి, బండెక్కి, చెరకు మధ్య దారిలో వెళ్లడం అతనికిష్టం. మధ్యాహ్నాలు అరుగుమీద కూర్చుని కునికిపాట్లు పడేవాడు. బాన్ అక్యూయ్‌లో సముద్రం వినిపించదు. దాని బదులు చెరకాకులు రోజంతా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. ఒకరోజు కళ్లు తెరిచేసరికి కన్నమ్మ ఎదురుగా చాప మీద కూర్చుని పిండి కలుపుతోంది. రవిక చేతులు పైదాకా మడిచి ఉన్నాయి. ఎండ పక్కనుంచి పడి ప్రతి బొడిపెకీ చిన్న నీడ ఉంది.

"పొమాద్ రాసుకోవడం లేదేటి తల్లీ?"

"ఉందయ్యా, అలమారలో. ఒకో వారం రాస్తాను, ఒకో వారం మరిచిపోతాను. పనిలో పడితే గుర్తుండదు." పిండిలో ఇంకొన్ని నీళ్లు పోసుకుంది. "నువ్వు పడుకో. రొట్టెలయ్యాక లేపుతాను."

ఎంకన్న సరేనన్నాడు. చెరకాకుల చప్పుడులోకి మళ్లీ మెల్లగా జారుకున్నాడు.